వేర్వేరు ఊళ్లలో ఉద్యోగాలు చేసే భార్యాభర్తలకు: వారాంతపు ప్రయాణం, ఖర్చు, ఇంటిపని లెక్క

వారాంతం అంటే రెండు రోజులు అనుకుని ప్లాన్ వేస్తే లెక్క మొదట్లోనే తప్పుతుంది. శుక్రవారం రాత్రి ఇల్లు చేరేసరికి కళ్లు మూతలు పడుతుంటాయి, ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే బ్యాగు సర్దుకోవడం మొదలవుతుంది. అందుకే రోజులు లెక్కపెట్టడం మానేసి, ఇద్దరూ మెలకువగా ఒకచోట ఉండే గంటలు లెక్కపెట్టాలి. ఎప్పుడు బయల్దేరాలి, ఎన్నిసార్లు వెళ్లాలి, దేనికి డబ్బు పెట్టాలి, ఏ పని ఆ రెండు రోజుల్లోకి రానివ్వకూడదు అన్న నిర్ణయాలన్నీ ఈ ఒక్క కొలత మీదే తేల్చుకోవచ్చు.

ఇక్కడ ఒక జంటను ఉదాహరణగా తీసుకుందాం. ఇద్దరికీ సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసు. పిల్లలు లేరు. రెండు ఊళ్లలో రెండు అద్దె ఇళ్లు. మధ్యలో రైల్లో మూడున్నర గంటల ప్రయాణం.

మొదటి అడుగు: గుమ్మం నుంచి గుమ్మానికి ఎంతసేపో కొలవండి

టికెట్ మీద మూడున్నర గంటలు అని ఉంటుంది. అసలు పట్టేది అంతకంటే చాలా ఎక్కువ. ఆఫీసు నుంచి స్టేషన్‌కు 45 నిమిషాలు, బండి తప్పిపోకుండా ముందుగా చేరి ఎదురుచూసేది 30 నిమిషాలు, బండిలో మూడున్నర గంటలు, దిగాక ఇంటికి మరో 45 నిమిషాలు. మొత్తం ఐదున్నర గంటలు. విమానమైతే ఈ తేడా ఇంకా పెద్దది. గాల్లో ఉండేది గంటే అయినా, ముందుగా చేరడం, తనిఖీలు, ఊరి బయట ఉన్న విమానాశ్రయం నుంచి ఇంటికి రావడం అన్నీ కలిపితే అది రైలు కంటే పెద్దగా కలిసొచ్చేది కాదని చాలా జంటలకు లెక్క వేశాకే తెలుస్తుంది.

వచ్చే రెండు ప్రయాణాల్లో నాలుగు సమయాలు ఫోన్‌లో రాసుకోండి: ఇల్లో ఆఫీసో వదిలిన సమయం, బండి ఎక్కినది, దిగినది, అవతలి గుమ్మం తొక్కినది. శుక్రవారం సాయంత్రం రద్దీలో స్టేషన్‌కు పట్టే సమయం, ఆదివారం పట్టేది ఒకటి కాదు. కాబట్టి రెండు దిక్కులకూ విడిగా రాయండి.

సొంత కారులో వెళ్లేవాళ్లకు ఇక్కడే ఒక హెచ్చరిక. మనిషి వరసగా 17 గంటలు మేలుకొని ఉంటే చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నప్పటి స్థాయికి పడిపోతుందని 1997లో వెలువడిన ఒక పరిశోధన చూపించింది. ఉదయం 6కి లేచినవాళ్లకు ఆ గీత రాత్రి 11కి వస్తుంది. ఆఫీసు అయ్యాక ఐదారు గంటలు నడిపితే చివరి అంచె సరిగ్గా ఆ సమయంలోనే పడుతుంది. శుక్రవారం మరొకరు నడిపే బండి ఎక్కండి, లేదా పడుకుని శనివారం తెల్లవారాక బయల్దేరండి.

రెండో అడుగు: ఏ బండికి ఎన్ని గంటలు చేతికొస్తాయో చూడండి

మన ఉదాహరణలో శుక్రవారం సాయంత్రం 6కి బయల్దేరితే రాత్రి 11:30కి చేరతారు. శనివారం ఉదయం 8 నుంచి రాత్రి 11 దాకా 15 గంటలు. ఆదివారం 8 నుంచి సాయంత్రం 4కి గుమ్మం దాటేదాకా 8 గంటలు. మొత్తం 23 గంటలు, దానికి 11 గంటల ప్రయాణం. ఇదే మూల లెక్క అనుకుందాం.

రెండు వైపులా రాత్రి బండి పట్టుకుంటే పగళ్లు రెండూ మిగులుతాయి కదా అనిపిస్తుంది. శనివారం తెల్లవారుజామున చేరి, కాసేపు పడుకుని 9కి లేస్తే ఆ రోజు 14 గంటలు. ఆదివారం రాత్రి 9 దాకా ఉంటే 13 గంటలు. మొత్తం 27. నాలుగు గంటలు కలిసొచ్చాయి, రెండు రాత్రుల నిద్ర పోయింది. సోమవారం తెల్లవారుజామున దిగి నేరుగా ఆఫీసుకు వెళ్లడం ఒకసారికి బాగానే ఉంటుంది. నెలకు రెండుసార్లు చొప్పున సాగితే మంగళవారం దాకా తేరుకోలేరు. ఆ విసుగు ఫోన్ మాటల్లోకి వస్తుంది.

మధ్యేమార్గం, వెళ్లేటప్పుడు శుక్రవారం సాయంత్రం బండి, వచ్చేటప్పుడు ఆదివారం రాత్రి బండి. 15, 13 కలిపి 28 గంటలు, పాడయ్యేది ఒక్క రాత్రే. సోమవారం ఉదయం ముఖ్యమైన మీటింగులు లేనివాళ్లకు ఇది మంచి బేరం. ఆ వారం సోమవారం బరువైన పని ఉంటే మాత్రం ఐదు గంటలు వదులుకుని ఆదివారం సాయంత్రమే వచ్చేయండి.

నెలకు ఒక్క సోమవారం అవతలి ఊరి నుంచే పని చేసుకోనిస్తారేమో ఆఫీసులో అడగండి. అప్పుడు శని, ఆది పూర్తిగా దక్కి 30 గంటలవుతాయి, సోమవారం సాయంత్రం తిరుగు బండి ఎక్కొచ్చు. అడిగేటప్పుడు "అప్పుడప్పుడు ఇంటి నుంచి చేస్తాను" అని అడిగితే నానుతుంది. "ప్రతి నెలా మూడో సోమవారం" అని తేదీ చెప్పి అడిగితే పైవాళ్లకు కూడా ఒప్పుకోవడం తేలిక, ఎందుకంటే మీటింగులు దాన్ని చూసి పెట్టుకోవచ్చు.

మూడో అడుగు: నెలకు ఎన్నిసార్లు, ఎవరు వెళ్లాలి

ప్రతి వారం వెళ్లాలన్న ఉత్సాహం మొదటి నెలల్లో సహజం. కానీ ఉతకని బట్టలు, డాక్టర్ దగ్గరికి వెళ్లడం, స్నేహితులు, ఊరికే పడుకోవడం, వీటన్నింటికీ ఆ రెండు రోజులే దిక్కు. వాటిని వరసగా ఎగ్గొడితే అవి కలిసిన రోజునే మీద పడతాయి. నాలుగు వారాల చక్రం వేసుకోండి: మొదటి వారాంతం ఒకరు వెళ్తారు, రెండోది ఎవరింట్లో వాళ్లు, మూడోది రెండోవాళ్లు వస్తారు, నాలుగోది మళ్లీ ఎవరింట్లో వాళ్లు. ఇద్దరూ విడిగా ఉండే వారాంతాన్ని ఖాళీగా చూడొద్దు. ఆ ఇంటికి సంబంధించిన పనులన్నీ తేలిపోవాల్సింది అప్పుడే.

దీనికి ప్రత్యామ్నాయం, ఒక సెలవు కలుపుకుని నెలకు ఒకేసారి మూడు రోజులు వెళ్లడం. 15, 15, చివరి రోజు 8, మొత్తం 38 గంటలు. రెండు మామూలు వారాంతాలు కలిపితే 46 గంటలు. ఎనిమిది గంటలు తగ్గాయి, కానీ 11 గంటల ప్రయాణం, ఒక రానుపోను ఖర్చు మిగిలాయి. చూడటానికి ఇదే లాభం. అసలు ధర వేరేచోట ఉంది: నాలుగు వారాల పాటు మనిషి కనబడరు, ఏడాదికి పన్నెండు సెలవులు దీనికే పోతాయి. కాబట్టి మామూలు నెలల్లో రెండుసార్లు, ఆఫీసు పని విపరీతంగా ఉన్న నెలల్లో ఒకేసారి మూడు రోజులు అన్నది చాలామందికి నడిచే పద్ధతి.

ఎవరు వెళ్లాలన్నది "ఈసారి నేను, వచ్చేసారి నువ్వు" అన్నంత సులువుగా తేలదు. ఒకరికి శనివారం కూడా పని పడుతుండొచ్చు, ఒకరికి నడుంనొప్పి ఉండొచ్చు, ఒకరింట్లో ముసలివాళ్లు ఉండొచ్చు. వంతులు కాకుండా ప్రయాణ గంటలు రాసుకోండి. మూడు నెలలకు మొత్తం 66 గంటలు అనుకుంటే, ఒకరు 44, మరొకరు 22 చేశారని తేలొచ్చు. అది తప్పేమీ కాదు, అయితే ఆ 22 గంటల తేడాను ఇంకోచోట సర్దాలి. ఎక్కడ అన్నది ఇంటిపని దగ్గర చూద్దాం. పిల్లలు ఒక ఇంట్లోనే ఉంటే వెళ్లేవాళ్లు దాదాపు ఎప్పుడూ రెండోవాళ్లే అవుతారు. పిల్లల దగ్గరున్నవాళ్లు వారమంతా ఒంటరిగా చేసిన పని దానికి సరితూగుతుంది కనుక, అక్కడ ప్రయాణ గంటల్ని మాత్రమే పట్టుకుని న్యాయం తేల్చొద్దు.

నాలుగో అడుగు: టికెట్లు

రానుపోను రెండు టికెట్లూ ఒకే తీరుగా కొనడం చాలామంది చేసే పొరపాటు. శుక్రవారం ప్రయాణం అనిశ్చితం: చివరి నిమిషంలో మీటింగ్ పడుతుంది, పని తెమలదు. ఆదివారం ప్రయాణం ఖాయం: సోమవారం ఆఫీసు ఉంటుంది. అందుకే వెళ్లే టికెట్ మార్చుకోవడానికి, రద్దు చేసుకోవడానికి వీలున్నది కొనండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే. వచ్చే టికెట్ ముందుగా, చవగ్గా, డబ్బు వాపసు రానిదైనా పర్వాలేదు.

వెళ్తున్నామా లేదా అన్నది తేల్చడానికి ఒక గడువు పెట్టుకోండి. గురువారం మధ్యాహ్నం అనుకుందాం. అప్పటిదాకా రద్దు చేస్తే దానికి ఎవరూ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ఆ తర్వాత రద్దు చేస్తే, రద్దు చేసినవాళ్లే అవతలి ఊరికి వచ్చే తదుపరి ప్రయాణం తలకెత్తుకోవాలి. ఇది శిక్ష కాదు. ఎదురుచూసినవాళ్లే మళ్లీ బయల్దేరాల్సిన పరిస్థితి రాకుండా చూడటం. ఒకే మనిషి నుంచి వరసగా రెండుసార్లు ఆలస్యపు రద్దు వచ్చిందంటే, తప్పు శుక్రవారం బండిదే కావచ్చు. శనివారం తెల్లవారి మొదటి బండికి మారితే కలిసుండే గంటలు కొన్ని పోతాయి, కానీ మాట నిలబడుతుంది.

వరస సెలవులు వచ్చే వారాలకు మాత్రం ఈ గడువులేవీ పనికిరావు. ఏడాది క్యాలెండర్ ముందేసుకుని ఆ వారాలు గుర్తు పెట్టి, బుకింగ్ తెరిచిన రోజునే కొనేయండి.

ఐదో అడుగు: ఖర్చు

రెండు ఇళ్లున్నప్పుడు అద్దె, కరెంటు, నెట్, గ్యాస్ అన్నీ రెట్టింపవుతాయని ముందే తెలుసు. అంచనాకు అందనిది ప్రయాణం, ఎందుకంటే టికెట్ ఒక్కటే కనబడుతుంది. రెండు వైపులా స్టేషన్ దాకా పెట్టే ఆటో లేదా క్యాబ్, దారిలో తిండి, రద్దులో పోయినవి కూడా ప్రయాణమే. రెండు నెలల పాటు ఇవన్నీ ఒకే ఖాతాలో రాయండి. ఆ మొత్తాన్ని కలిసిన గంటలతో భాగిస్తే ఒక్కో గంటకు ఎంత పడుతోందో తెలుస్తుంది. ఖరీదైన టికెట్ కొని రెండు గంటలు ముందు చేరడం లాభమా కాదా అన్నది ఆ అంకెతో పోల్చి చెప్పొచ్చు.

ఇప్పుడు పంచుకోవడం. ఇద్దరి జీతాలు కలిపి 100 భాగాలు అనుకోండి, ఒకరిది 60, మరొకరిది 40. ఉమ్మడి ఖర్చులు ఇలా ఉన్నాయి: రెండు అద్దెలు 26, కరెంటు, నీళ్లు, నెట్ వగైరా 6, రెండు ఇళ్ల తిండి, సరుకులు 12, ప్రయాణాలు 6. మొత్తం 50.

సగం సగం పెట్టుకుంటే చెరో 25. అప్పుడు ఒకరికి 35 మిగులుతుంది, మరొకరికి 15. అంకెల్లో సమానమే, చేతిలో కాదు. జీతాల నిష్పత్తిలో పెడితే 30, 20. మిగిలేది 30, 20. ఇద్దరికీ తమ జీతంలో సగం మిగిలింది. ఇద్దరికీ సరిసమానంగా మిగలాలంటే ఒకరు 35, మరొకరు 15 పెట్టాలి, చెరో 25 మిగులుతుంది. ఈ మూడింట్లో ఏది ఎంచుకున్నా నోటితో అనుకుని ఎంచుకోండి. ఏమీ అనుకోకపోతే "ఎవరింటి అద్దె వాళ్లది, ఎవరు వెళ్తే వాళ్ల టికెట్" అన్న పద్ధతి తనంతట తాను స్థిరపడుతుంది, అన్నింటికంటే అన్యాయమైనది అదే.

ఎందుకంటే అప్పుడు ప్రయాణం చేసినవాళ్లు సమయం, నిద్ర, డబ్బు మూడూ పెడతారు, ఇంట్లో ఉన్నవాళ్లు ఏదీ పెట్టరు. పైగా డబ్బు తక్కువున్నవాళ్లు రావడం తగ్గించేస్తారు, అది అవతలివాళ్లకు ఆసక్తి తగ్గినట్టు కనబడుతుంది. కాబట్టి ప్రయాణం ఎవరు చేసినా డబ్బు ఉమ్మడి ఖాతాలోంచే పోవాలి. అద్దె కూడా అంతే. ఖరీదైన ఊళ్లో ఉద్యోగం దొరకడం ఒకరి తప్పు కాదు.

ఆచరణలో ఇలా చేయండి. జీతం పడిన మర్నాడే ఇద్దరూ తమ వాటా ఒక ఉమ్మడి ఖాతాకు పంపాలి. అందులో ప్రయాణానికి 6 భాగాలు విడిగా పక్కన పెట్టండి. ప్రయాణం తగ్గిన నెలలో మిగిలినది వేరే ఖర్చుకు తీయకుండా ఉంచితే, సెలవుల కాలంలో టికెట్ ధర పెరిగినప్పుడు ఆదుకుంటుంది. సొంత జేబులోంచి పెట్టినవి ఉమ్మడి షీట్‌లో తేదీ, ఎవరు, దేనికి, ఎంత అని నాలుగు గళ్లలో రాసి, నెలాఖరున ఒక్కసారే సర్దుకోండి. ఎదురెదురుగా కూర్చున్న వారాంతంలో ఈ లెక్క తెరవొద్దు. మామూలు రోజు రాత్రి ఫోన్‌లో పావుగంట చాలు.

ఆరో అడుగు: ఇంటిపని

రెండు ఇళ్ల పనిని మూడు కుప్పలుగా విడదీయండి. మొదటిది ఆ ఇంట్లోనే, ఆ రోజే చేయాల్సినవి: వంట, గిన్నెలు, ఊడ్చడం, చెత్త. ఇవి ఎవరింట్లో ఉన్నవి వాళ్లవే. రెండోది ఎక్కడినుంచైనా చేయగలిగినవి: బిల్లులు, బీమా, పన్నుల కాగితాలు, టికెట్లు, సరుకుల ఆర్డరు, ఇంటి యజమానితో మాటలు, బంధువుల ఇళ్లలో శుభకార్యాల సంగతి చూడటం. మూడోది ఇద్దరూ ఉంటేనే అయ్యేవి: బరువైన సామాను జరపడం, పెద్ద కొనుగోళ్లు, కలిసి తేల్చాల్సిన విషయాలు.

అసలు సర్దుబాటు రెండో కుప్పలో ఉంది. ప్రయాణం ఎక్కువ చేసినవాళ్లకు రావాల్సిన ఆ 22 గంటలు ఇక్కడే తీర్చొచ్చు. టికెట్లు వెతికి కొనడం, బిల్లులు, బీమా ప్రయాణం తక్కువ చేసేవాళ్లు తీసుకోవాలి. అయితే పని ఇవ్వడమంటే మొత్తంగా ఇవ్వడం. సామాజిక శాస్త్రవేత్త అలిసన్ డామింజర్ 2019లో ఇంటిపని వెనక ఉండే ఆలోచనను నాలుగు దశలుగా చూపించారు: అవసరాన్ని ముందే పసిగట్టడం, మార్గాలు వెతకడం, నిర్ణయించడం, అయిందో లేదో చూసుకోవడం. టికెట్ల ఉదాహరణే చూడండి. "వచ్చే నెల మూడో వారానికి టికెట్ బుక్ చేయి, ఆ సాయంత్రం బండి బాగుంటుంది" అని ఒకరు చెప్పి, మరొకరు డబ్బు కట్టడం పని పంచుకోవడం కాదు. తేదీ గుర్తుపెట్టుకోవడం, బండి ఎంచుకోవడం, వెయిటింగ్‌లో ఉంటే కన్ఫర్మ్ అయిందో లేదో చూడటం అన్నీ ఒకే మనిషివి అయితేనే రెండోవాళ్ల బుర్రలోంచి ఆ బరువు దిగుతుంది. గుర్తు చేయాల్సి వస్తోందంటే ఆ పని ఇంకా చేతులు మారలేదన్నమాట.

మూడో కుప్పకు వారాంతంలో రెండు గంటలు, శనివారం ఉదయం 10 నుంచి 12 దాకా. అంతకు మించనివ్వొద్దు. 23 గంటల్లో రెండంటే సరిపోతుంది. వచ్చిన మనిషి కోసం కారే కుళాయి, చెడిపోయిన ఫ్యాను, కట్టని బిల్లు దాచిపెట్టడం మొదలైతే, ఆ మనిషి ఇంటికి వచ్చినట్టు కాక పనికి వచ్చినట్టు ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం కూడా చేతిలో స్క్రూడ్రైవరో చీపురో ఉంటే ఈ తప్పు జరుగుతున్నట్టే. డబ్బిచ్చి మామూలు రోజున చేయించగలిగిన ఏ పనినీ కలిసే వారాంతానికి మిగల్చకండి. వచ్చినవాళ్లను చుట్టంలా కూర్చోబెట్టడం కూడా అంతే చేటు. ఇంట్లో ఉన్నవాళ్లు రెండు రోజులూ వంటింట్లోనే గడిపితే వాళ్ల గంటలు 23 కాదు, 15. రోజువారీ పనులు ఆ రెండు రోజులూ ఇద్దరివీ. వారానికి సరిపడా వండి పెట్టి వెళ్లడం ప్రేమే, కాదనను. కానీ దాన్ని కూడా ఆ రెండు గంటల్లోంచే తీయాలి.

ఏడో అడుగు: గురువారం రాత్రి

ఈ ఒక్క రాత్రి గంటన్నర పని మొత్తం వారాంతాన్ని కాపాడుతుంది. వెళ్లేవాళ్లు తమ ఇంట్లో చెత్త తీసేయాలి, ఫ్రిజ్‌లో పాడయ్యేవి ఖాళీ చేయాలి, సోమవారం వేసుకునే బట్టలు ఇస్త్రీ చేసి తగిలించాలి. ఆదివారం రాత్రి తలుపు తీయగానే వాసన, సింకులో గిన్నెలు ఎదురైతే, రెండు రోజుల సంతోషం అక్కడే దిగిపోతుంది. ఇంట్లో ఉండేవాళ్లు దుప్పట్లు మార్చి, ఉతుకుడు ముగించి, శనివారం ఉదయానికి కావలసిన సరుకులు తెచ్చి పెట్టాలి.

బ్యాగు తేలికవ్వాలంటే అవతలి ఇంట్లో ఒక అర నిండుగా ఉండాలి: ఛార్జర్, బ్రష్, చెప్పులు, రోజూ వేసుకునే మందులు నాలుగు రోజులకు, మూడు జతల బట్టలు. అక్కడ విడిచిన బట్టలు అక్కడే ఉండిపోవాలి. వాటిని ఆ ఇంటి తర్వాతి ఉతుకుడులో కలిపి అరలో పెట్టేస్తారు. ఇది రెండు ఇళ్లకూ ఒకేలా వర్తిస్తే ఎవరూ ఎవరికీ ఉతికి పెడుతున్నట్టు ఉండదు. మురికి బట్టలు మోసుకుంటూ వెళ్లేవాళ్లు ఆదివారం రాత్రి 9:30కి చేరి వాషింగ్ మెషీన్ వేస్తున్నారంటే, ఈ అర ఏర్పాటు ఇంకా జరగలేదన్నమాట.

ఈ పద్ధతి ఎక్కడిదాకా పనిచేస్తుంది

గుమ్మం నుంచి గుమ్మానికి ఎనిమిది గంటలయ్యే దూరానికి ఇదే లెక్క వేసి చూడండి. శుక్రవారం రాత్రంతా ప్రయాణం, శనివారం 10కి తేరుకుని రాత్రి 10 దాకా 12 గంటలు, ఆదివారం 8 నుంచి మధ్యాహ్నం 1 దాకా 5 గంటలు. 17 గంటల కోసం 16 గంటలు బండిలో. అలాంటప్పుడు రెండు రోజుల వారాంతాలు వదిలేసి, నెలకోసారి మూడు రోజుల రాకకు మారడమే సరైనది. అలా మారితే ఆ ప్రయాణాల డబ్బులో కొంత మిగులుతుంది, దాంతో ఇద్దరికీ కుదిరే సగం దూరపు ఊళ్లో రెండు నెలలకోసారి కలుసుకోవచ్చు.

మూడు నెలలకోసారి మూడు అంకెలు ముందు పెట్టుకోండి: కలిసిన గంటలు, ప్రయాణ గంటలు, ప్రయాణ ఖర్చు. ప్రయాణ గంటలు కలిసిన గంటల్లో సగం దాటుతుంటే బండినో చక్రాన్నో మార్చాలి. విడిగా ఉండాల్సిన వారాంతాలు వరసగా ప్రయాణాలకే పోతుంటే, ఇద్దరిలో ఒకరు త్వరలో అలసిపోతారు. అదే కూర్చున్నప్పుడు, ఈ రెండు ఊళ్ల ఏర్పాటు ఎప్పటిదాకా అన్నదానికి కూడా ఒక నెల, సంవత్సరం రాయండి. బదిలీకో కొత్త ఉద్యోగానికో ఎవరు ఎప్పటినుంచి ప్రయత్నం మొదలుపెట్టాలో ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కేస్తే తెలుస్తుంది. అద్దె ఒప్పందాలు కూడా ఆ నెలకే ముగిసేలా రాయించుకోవచ్చు.